వక్త పరిచయాన్ని తిరగరాయడం ఎలా?

సభ రెండు రోజుల్లో ఉందనగా ముఖ్య అతిథి పరిచయం మీ చేతికి వస్తుంది. ఎవరో రాసిపెట్టినది. ‘కాస్త చూసి సరిచేయండి’ అంటారు. చూస్తే రెండు పేజీలుంటుంది. విశేషణాలు తీసేస్తే మిగిలేది ఆరేడు వాక్యాలు. ఆ ఆరేడింటిలోనూ ఏది నిజమో, ఏది విన్నమాటో తెలియదు. అలాంటి కాగితాన్ని ఒకటిన్నర నిమిషంలో చదవగలిగే పరిచయంగా, ప్రతి మాటకూ ఆధారం ఉండేలా ఎలా మార్చాలో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఒక డిగ్రీ కళాశాలలో ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవ సభ జరుగుతోందనుకుందాం. 2023లో చంద్రయాన్-3 ల్యాండర్ చంద్రుడి మీద దిగిన తేదీ అది. శ్రీహరికోటలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మహిళా ఇంజినీరును వక్తగా పిలిచారు. విషయం: ‘రాకెట్‌లో ఘన ఇంధనం’. ఈ వక్త నేను ఉదాహరణ కోసం ఊహించిన వ్యక్తి కాబట్టి పేరున్న చోట ‘ఫలానా’ అని వేస్తున్నాను. రాకెట్ల పేర్లు, తేదీలు మాత్రం నిజమైనవే. విద్యార్థి సంఘం వారు తెచ్చిన పరిచయం ఇలా ఉంది:

“నేటి మన ముఖ్య అతిథి పరిచయం అక్కరలేని మహోన్నత వ్యక్తి. వారి గురించి చెప్పబోవడం సూర్యుడికి దివిటీ చూపించడమే అవుతుంది. బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, స్నేహశీలి, మృదుభాషిణి, ఆదర్శ గృహిణి అయిన డాక్టర్ ఫలానా గారు భారతరత్న అబ్దుల్ కలాం గారి ప్రియశిష్యురాలిగా ఇస్రోలో అడుగుపెట్టి, చంద్రయాన్-3 రూపశిల్పిగా దేశ కీర్తిపతాకాన్ని చంద్రమండలంపై ఎగురవేశారు. ఇస్రో అత్యున్నత పురస్కారంతో పాటు ఎన్నెన్నో అవార్డులు, రివార్డులు వారిని వరించి తమ విలువను పెంచుకున్నాయి. అనేక పరిశోధన పత్రాలు సమర్పించారు. ఎంతో తీరిక లేని సమయంలోనూ మన చిన్న ఆహ్వానాన్ని మన్నించి విచ్చేయడం మన పూర్వజన్మ సుకృతం. వారి గురించి ఎంత చెప్పినా తక్కువే...”

అసలు కాగితం ఇంకో పేజీ ఉంటుంది. మనకు ఇది చాలు.

మొదట గీతలు గీయండి

కొట్టివేతలు మొదలుపెట్టకండి. ముందు పెన్సిలు తీసుకుని ప్రతి వాక్యాన్నీ ఒక ప్రశ్న అడగండి: దీన్ని ఎవరైనా కాదనగలరా? తేదీ, పదవి, పని, చదువు, పురస్కారం లాంటి వాటిని కాదనవచ్చు, రుజువు చేయవచ్చు. వాటి కింద గీత గీయండి. ‘నిగర్వి’, ‘మహోన్నత వ్యక్తి’ లాంటివాటిని ఎవరూ రుజువు చేయలేరు, కాదనలేరు కూడా. వాటి చుట్టూ సున్నా చుట్టండి. ‘విచ్చేయడం మన సుకృతం’ లాంటివి మర్యాద మాటలు. వాటి పక్కన చిన్న టిక్కు పెట్టండి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

పై కాగితంలో గీత పడేవి ఐదే: డాక్టర్, కలాం శిష్యురాలు, చంద్రయాన్-3 రూపశిల్పి, ఇస్రో అత్యున్నత పురస్కారం, పరిశోధన పత్రాలు. మిగతాదంతా సున్నాలు, టిక్కులే. ఆమె ఎప్పుడు చేరారో, ఏ విభాగంలో పనిచేశారో, ఇవాళ ఏం మాట్లాడబోతున్నారో మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. పరిచయం వినే విద్యార్థికి తెలియాల్సింది అదే. పొగడ్త పెరిగిన చోట ఇలా జరగడం మామూలే. రాసేవారికి వక్త చేసిన పని తెలియదు కాబట్టి ఆ ఖాళీని విశేషణాలతో పూడుస్తారు. అందుకే కొట్టివేతతో మొదలుపెడితే చేతిలో ఏమీ మిగలదు. ముందు సమాచారం కావాలి.

గీత పడిన ప్రతి మాటనూ తనిఖీ చేయండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. పొగడ్తను సభ మరిచిపోతుంది. తప్పు సమాచారం అలా పోదు. మర్నాడు పత్రికా ప్రకటనలోకి, కళాశాల వార్షిక సంచికలోకి ఎక్కుతుంది. ఇంకో చోట పరిచయం రాసేవారు దాన్నే ఎత్తి రాస్తారు. పైగా వేదిక మీద కూర్చున్న వక్తకు అది పెద్ద ఇబ్బంది. లేచి ‘అది నిజం కాదు’ అంటే పిలిచినవారిని చిన్నబుచ్చినట్టవుతుంది, ఊరుకుంటే అబద్ధాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. అతిథిని మనం పెట్టకూడని ఇరకాటం అది.

మొదటి తనిఖీకి ఎవరినీ అడగనక్కరలేదు. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆమె 1983లో చేరి 2018లో పదవీ విరమణ చేశారని ఆహ్వానం పంపినవారి దగ్గర తెలిసిందనుకుందాం. చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి బయల్దేరింది 2023 జులై 14న. అప్పటికి ఆమె ఉద్యోగంలో లేరు. అబ్దుల్ కలాం 1982లోనే ఇస్రో నుంచి హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు డైరెక్టరుగా వెళ్లారు. 1983లో చేరినవారు ఇస్రోలో ఆయన దగ్గర పనిచేసే వీలు లేదు. రెండు పెద్ద మాటలు ఇలా క్యాలెండర్ దగ్గరే నిలబడకుండా పోయాయి. ఆయన ఉపన్యాసం విని ఉండవచ్చు, చేతుల మీదుగా జ్ఞాపిక అందుకుని ఉండవచ్చు. శిష్యరికం అంటే అది కాదు.

రెండో తనిఖీ వక్తతోనే చేయాలి. ‘మీ బయోడేటా పంపండి’ అని సందేశం పెడితే వచ్చేది ఆరు పేజీల పాత పత్రం. అందులోంచి ఏది ముఖ్యమో మీరు తేల్చుకోలేరు. ఐదు నిమిషాలు ఫోన్ చేసి, సూటిగా, ఒక్కో మాట గురించి అడగండి. మన ఉదాహరణలో ఆ సంభాషణ ఇలా సాగవచ్చు:

“మేడమ్, పరిచయంలో మీరు చంద్రయాన్-3లో పనిచేశారని రాశారు. సరైనదేనా?”

“లేదండీ. అప్పటికి నేను రిటైరయ్యాను. దాన్ని మోసుకెళ్లిన రాకెట్ ఉంది చూడండి, ఎల్‌వీఎం-3, దాని పక్క బూస్టర్లలో ఇంధనం పోత పోసే విభాగం మాది. 2010లో మొదటిసారి దాన్ని నేల మీద మండించి పరీక్షించినప్పుడు మా బృందమంతా అక్కడే ఉంది.”

“మీ పని అందులో ఏమిటి మేడమ్?”

“పోత పోశాక లోపల బుడగలు, పగుళ్లు ఉన్నాయేమో చూడాలి కదా. ఆ తనిఖీ బృందంలో ఉన్నాను. చివరి ఏళ్లలో ఆ బృందానికి నేనే బాధ్యురాలిని.”

‘మీ పని అందులో ఏమిటి’ అన్న ప్రశ్నను ఎప్పుడూ మరవకండి. సంస్థ పేరు, ప్రాజెక్టు పేరు అందరికీ తెలుసు. ఈ మనిషి చేతి పని ఏమిటో ఆమెకే తెలుసు. ఒక రాకెట్ ప్రయోగం వెనుక వేల మంది ఉంటారు. ‘రూపశిల్పి’, ‘సూత్రధారి’, ‘పితామహుడు’ అనే మాటలు ఆ వేల మందిని చెరిపేస్తాయి. అసలు పని తెలిశాక చూడండి, బూస్టరు లోపల పగులు లేదని తేల్చి చెప్పే బాధ్యత వినడానికే ఎంత బరువుగా ఉందో. అబద్ధపు రూపశిల్పి కన్నా ఈ నిజమే సభను నిటారుగా కూర్చోబెడుతుంది.

ఫోన్‌లో ఇంకో మూడు సంగతులు తేల్చుకోండి. పేరు ఎలా రాయాలి, ఎలా పలకాలి, ఇంటిపేరు ముందా వెనకా; ఏ హోదాతో పిలిస్తే సరైనది; చెప్పకూడనిది ఏమైనా ఉందా. చివరిది అడగడానికి చాలామంది మొహమాటపడతారు. అడిగితే వక్తలు ఎంతో ఊరటగా చెబుతారు. ‘ఆ పాత అవార్డు గురించి చెప్పకండి’, ‘మా పిల్లలు అమెరికాలో ఉన్నారని ప్రతి సభలో చెబుతారు, వద్దండీ’ అని.

పురస్కారాలు, బిరుదులు, డాక్టరేట్లు

మన సభల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగుదాం.

పద్మ పురస్కారాలు పేరు ముందు పెట్టుకునే బిరుదులు కావు. 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. భారతరత్న, పద్మ పురస్కారాలు రాజ్యాంగం 18వ అధికరణ నిషేధించిన బిరుదుల కిందికి రావు, అయితే వాటిని పేరుకు ముందు గానీ వెనుక గానీ తగిలించకూడదు అన్నది ఆ తీర్పు. అందుచేత ‘పద్మశ్రీ ఫలానా గారు’ అని పిలవకండి. ‘ఫలానా గారికి ఫలానా సంవత్సరంలో పద్మశ్రీ వచ్చింది’ అని వేరే వాక్యంగా చెప్పండి. మన ఉదాహరణలోని ‘భారతరత్న అబ్దుల్ కలాం’ అన్న పిలుపుకూ ఇదే వర్తిస్తుంది. గ్రహీతల జాబితా padmaawards.gov.in లో ఉంటుంది, ఏడాది అక్కడ సరిచూసుకోవచ్చు.

సాహిత్య సభలైతే ‘సాహిత్య అకాడమీ అవార్డు గ్రహీత’ అన్న మాట దగ్గర ఆగండి. కేంద్ర సాహిత్య అకాడమీ ఏటా ఒక భాషలో ఒక పుస్తకానికి ఇచ్చే ప్రధాన పురస్కారం ఒకటి. అనువాద పురస్కారం, బాల సాహిత్య పురస్కారం, యువ పురస్కారం వేరు. రాష్ట్ర అకాడమీలు ఇచ్చేవి ఇంకా వేరు. అన్నిటినీ ఒకే పేరుతో పిలిస్తే యువ పురస్కారం పొందిన కవికి గౌరవం పెరగదు, సభలో తెలిసినవారు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ప్రధాన పురస్కారం వ్యక్తికి గాక పుస్తకానికి ఇస్తారు కాబట్టి పుస్తకం పేరు చెప్పడమే సరైన పద్ధతి. 1955లో తెలుగుకు తొలిసారి ఆ పురస్కారం తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గురించి చెప్పేటప్పుడు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు వచ్చిందని చెబితే, వినేవారికి ఆయన ఏం చేశారో కూడా తెలుస్తుంది.

సంవత్సరంలోనూ ఒక చిక్కుంది. రావూరి భరద్వాజకు జ్ఞానపీఠం 2012 సంవత్సరానికి వచ్చింది, ప్రకటించింది మాత్రం 2013 ఏప్రిల్‌లో. రెండు ఏళ్లూ పత్రికల్లో కనిపిస్తాయి. ఇలాంటప్పుడు ‘2012 సంవత్సరానికి’ అని రాస్తే పేచీ ఉండదు.

ఇక డాక్టరేట్. పీహెచ్‌డీ చేసినవారికి, వైద్యులకు ‘డాక్టర్’ సహజంగానే వస్తుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ డాక్టరేట్ ఉంటే దాన్ని పేరు ముందు వాడకపోవడం విద్యాలోకంలో మర్యాద. ‘ఫలానా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది’ అని ఒక వాక్యంలో చెప్పవచ్చు. ఏదో సంఘం శాలువాతో పాటు ఇచ్చిన ‘గౌరవ డాక్టరేట్’ సంగతి వేరు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం పట్టాలు ఇచ్చే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. మన వక్తను అడిగితే తనది ఎం.టెక్. అనీ, ‘డాక్టర్’ అని ఏదో సంఘం వారి ప్రశంసాపత్రం చూసి ఎవరో మొదలుపెట్టారనీ తేలిందనుకోండి. ఆ మాట తీసేయడమే ఆమెకు మీరు చేసే మేలు.

‘ఇస్రో అత్యున్నత పురస్కారం’ కూడా అలాంటిదే. అడిగితే అది ఇస్రో బృంద పురస్కారం, ఒక పనికి మొత్తం బృందానికి ఇచ్చినది అని చెబుతారు. ‘ఆమె పనిచేసిన బృందానికి ఇస్రో పురస్కారం వచ్చింది’ అని రాయండి. చోటు లేకపోతే వదిలేయండి. సన్మాన సంఘాలు ఇచ్చిన బిరుదులను వక్త స్వయంగా తన పుస్తకాల మీద, ఉత్తరాల మీద వాడుతుంటే తప్ప పరిచయంలోకి తేకండి.

ఎంత వెతికినా ఆధారం దొరకని మాట ఏదైనా మిగిలితే ‘అంటారు’, ‘ప్రసిద్ధి’ అని మెత్తబరచి ఉంచకండి. ఒక్క గీతతో కొట్టేయండి.

ఇవాళ్టి విషయానికి పనికొచ్చేవే ఉంచండి

ఇప్పుడు మీ దగ్గర తప్పుల్లేని సమాచారం పది పన్నెండు ముక్కలుంది. అన్నీ నిజమే కాబట్టి అన్నీ చెప్పాలనిపిస్తుంది. అక్కడే పరిచయం మళ్లీ రెండు పేజీలవుతుంది.

ఒక్కో ముక్కనూ ఇలా అడగండి: ఇది తెలిస్తే సభ ఈ ఉపన్యాసాన్ని ఇంకాస్త బాగా వింటుందా? ఘన ఇంధనం మీద ఉపన్యాసానికి ఆమె ముప్పై అయిదేళ్లు ఆ విభాగంలోనే పనిచేశారన్నది తప్పనిసరి. ఎల్‌వీఎం-3 పక్కన ఉండే ఎస్‌-200 బూస్టర్ల తనిఖీ తప్పనిసరి. ఎం.టెక్. ఎక్కడ చదివారన్నది అక్కరలేదు, అదే కళాశాలలోనో జిల్లాలోనో చదివి ఉంటే తప్ప. పరిశోధన పత్రాల లెక్క అక్కరలేదు. ‘అనేక’ అన్న మాట లెక్క తెలియనప్పుడు వాడేది. లెక్క తెలిసినా విద్యార్థులకు దాంతో పని లేదు. అదే శాస్త్రవేత్తల సదస్సు అయితే ఒక ముఖ్యమైన పత్రం పేరు చెప్పవచ్చు.

మహిళా వక్తల పరిచయాల్లో మరో సంగతి గట్టిగా చూసుకోవాలి. ‘ఆదర్శ గృహిణి’, ‘ఫలానా అధికారి సతీమణి’, ‘ఇంటినీ వృత్తినీ సమన్వయం చేసుకుంటూ’ అన్న మాటలు ఎక్కడో ఒక చోట దూరతాయి. అదే వేదిక మీది పురుష వక్తను ‘ఆదర్శ గృహస్థు, వంటలోనూ సాయం చేస్తారు’ అని ఎవరూ పరిచయం చేయరు. ముప్పై అయిదేళ్లు రాకెట్ ఇంధనాన్ని పరీక్షించిన మనిషిని ఆ పని పేరుతోనే పరిచయం చేయండి. పరీక్ష తేలికైనదే: ఆ వాక్యాన్ని పక్కన కూర్చున్న పురుష అతిథికి అన్వయించి చదవండి. ఎబ్బెట్టుగా ఉంటే తీసేయండి. వయసు, రూపం, కులం, ఊరి రాజకీయ బంధుత్వాలు కూడా ఈ జల్లెడలో పోతాయి.

నా లెక్కలో ఒక పరిచయానికి మూడు ముక్కలు చాలు: ఏ పని, ఎంత కాలం, ఇవాళ్టి విషయంతో ఆమెకున్న సొంత సంబంధం. నాలుగోది అంటూ ఉంటే పురస్కారం.

విశేషణం స్థానంలో పనిని పెట్టండి

సున్నా చుట్టిన మాటలను ఇప్పుడు చూడండి. చాలావాటిని ఊరికే తీసేయవచ్చు. ‘పరిచయం అక్కరలేని వ్యక్తి’ అన్న వాక్యం పరిచయం చేయడానికి నిలబడ్డవారి నోట పొసగదు, పైగా ఆమె ఎవరో తెలియని విద్యార్థులను చిన్నబుచ్చుతుంది. ‘అవార్డులు వారిని వరించి తమ విలువను పెంచుకున్నాయి’ అన్నది అవార్డు ఇచ్చినవారిని తక్కువ చేయడం. ‘సూర్యుడికి దివిటీ’ వచ్చాక ఎవరూ దివిటీ ఆర్పరు, ఇంకో పావుగంట చూపిస్తారు.

కొన్ని విశేషణాల వెనుక మాత్రం ఒక నిజం దాగి ఉంటుంది. వాటిని కొట్టేసే ముందు రాసినవారిని అడగండి: ‘నిగర్వి అని ఎందుకు రాశావు బాబూ?’ ఆ విద్యార్థి ఇలా అన్నాడనుకోండి: “ఆవిడ ఆదివారాలు మా ఊరి హైస్కూల్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతారు సార్, డబ్బు తీసుకోరు.” ఇప్పుడు మీకు కావలసింది దొరికింది. ‘నిగర్వి, సేవాతత్పరురాలు’ తీసేసి, ‘పదవీ విరమణ తర్వాత ఆదివారాలు ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం బోధిస్తున్నారు’ అని రాయండి. ఆమె ఎలాంటి మనిషో సభ తనంతట తాను అనుకుంటుంది. ఆ మాటను ఫోన్‌లో ఆమెతో నిర్ధారించుకోవడం మాత్రం మరవకండి. ప్రచారం ఇష్టం లేకపోతే వద్దంటారు.

పొగడ్త తీసేస్తే మర్యాద తగ్గుతుందేమోనన్న భయం కొందరికి ఉంటుంది. తెలుగులో ఆ భయం అక్కరలేదు. ‘గారు’ ఒక్కసారి, ఆ తర్వాత ‘పనిచేశారు’, ‘బోధిస్తున్నారు’ అని బహువచన క్రియ. గౌరవమంతా అందులో ఉంది. ప్రతి వాక్యంలో ‘వారు, వారి యొక్క, వారిచే’ అని తిప్పితే చదివేవారి నాలుక తడబడుతుంది. ‘ఆమె’ అనవచ్చు, అందులో అగౌరవమేమీ లేదు.

టిక్కు పెట్టిన మర్యాద మాటల్లో ఒక్కటి ఉంచండి: పిలుపు అందుకుని వచ్చినందుకు సంతోషం. ధన్యవాదాలు వందన సమర్పణలో ఎలాగూ ఉంటాయి. ‘తీరిక లేని సమయంలోనూ’ అన్నది మీకు తెలిసిన విషయం కాదు, పైగా మిగతా అతిథులు తీరిగ్గా ఉండి వచ్చారనిపిస్తుంది.

కూర్చి రాయండి

వాక్యాలు చిన్నవిగా ఉండాలి. రాతలో బాగుండే పొడవైన సమాసం మైకులో వినిపించదు. ఒక వాక్యంలో ఒక సంగతే చెప్పండి. పేరు మొదటి వాక్యంలో ఒకసారి, ఆహ్వానించే చివరి వాక్యంలో ఒకసారి. పేరును చివరిదాకా దాచి ఊరించే పద్ధతి ఒకటుంది. వేదిక మీద ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా, కరపత్రంలో పేరు అచ్చయి ఉండగా దాచడంలో అర్థం లేదు.

మన ఉదాహరణ ఇలా తయారవుతుంది:

“ఈ రోజు మనతో మాట్లాడబోయే ఫలానా గారు 1983 నుంచి 2018 వరకు శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రంలో ఇంజినీరుగా పనిచేశారు. రాకెట్లకు కావలసిన ఘన ఇంధనాన్ని తయారు చేసి, మోటారులో పోత పోసే విభాగం ఆమెది.

చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్‌ను మీరు టీవీలో చూసే ఉంటారు. దానికి రెండు పక్కలా ఉండే తెల్లని బూస్టర్లను ఎస్‌-200 అంటారు. ఒక్కోదానిలో దాదాపు 200 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అంత ఇంధనంలో ఎక్కడా బుడగ గానీ పగులు గానీ లేదని తేల్చాలి. ఆ తనిఖీ చేసే బృందంలో ఆమె పనిచేశారు, చివరి ఏళ్లలో దానికి నాయకత్వం వహించారు. 2010 జనవరిలో ఎస్‌-200ను తొలిసారి నేల మీద పరీక్షించినప్పుడు, 2014 డిసెంబరులో ఆ రాకెట్ తొలిసారి ఎగిరినప్పుడు ఆమె ఆ పనిలో ఉన్నారు.

ఇప్పుడు ఆదివారాలు ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం బోధిస్తున్నారు. మా ఆహ్వానాన్ని మన్నించి వచ్చినందుకు సంతోషం. ‘రాకెట్‌లో ఘన ఇంధనం’ అనే విషయంపై ప్రసంగించవలసిందిగా ఫలానా గారిని కోరుతున్నాను.”

చంద్రయాన్-3 పేరు ఇందులోనూ ఉంది. విద్యార్థులకు తెలిసిన పేరు కాబట్టి ఉంచాను. కాకపోతే ఆమెను ఆ యాత్రకు కర్తను చేయకుండా, ఆమె పనికీ ఆ రాకెట్‌కూ ఉన్న అసలు సంబంధాన్ని చెప్పాను. ఒక పెద్ద పేరును వాడుకోవాలనిపించినప్పుడల్లా ఇలా చేయవచ్చు: ఆ పేరును వినేవారు విషయాన్ని పట్టుకునే కొండగుర్తుగా వాడండి, వక్త ఘనతగా వాడకండి. 200 టన్నుల అంకె కూడా అందుకే ఉంది. ఆమె గొప్పవారని మనం చెప్పలేదు, పని ఎంతటిదో చెప్పాం.

గడియారం పెట్టి చదవండి

వేదిక మీద నిదానంగా చదివితే నిమిషానికి తొంభై, వంద మాటలకు మించి పోవు. పై పరిచయం ఒకటిన్నర నిమిషంలో సరిపోతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి, లేచి నిలబడి, గట్టిగా చదవండి. రెండు నిమిషాలు దాటితే ఒక ముక్క తీసేయండి, వేగం పెంచకండి. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ వాక్యాన్ని విరగ్గొట్టండి. అంకెల పక్కన పలికే తీరు రాసుకోండి, 1983 దగ్గర ‘పంతొమ్మిది వందల ఎనభై మూడు’ అని. లేకపోతే చదివే విద్యార్థి సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చదివి ఆగిపోతాడు.

తర్వాత ఆ ప్రతిని వక్తకు పంపి, ‘ఇందులో తప్పు ఏదైనా ఉందా?’ అని అడగండి. ‘ఇంకేమైనా చేర్చమంటారా?’ అని అడిగితే మళ్లీ జాబితా మొదలవుతుంది. ఆమె సరిదిద్దిన మాటను అలాగే ఉంచండి. ‘నాయకత్వం అనకండి, బాధ్యత చూశాను అనండి’ అని ఆమె అంటే అదే రాయండి, ఆ తేడా ఆమెకు తెలుసు.

నిర్వాహకుల నుంచి ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: ‘ఇంత చిన్నదా? వారు ఏమనుకుంటారో!’ వక్త చూసి సరేనన్న ప్రతి మీ చేతిలో ఉంటే దానికి జవాబు సులువు. అయినా పొగడాలన్న కోరిక బలంగా ఉంటే దానికి మన సభల్లో వేరే చోటుంది. శాలువా కప్పి చదివే సన్మాన పత్రం అందుకోసమే పుట్టింది. ప్రశంస, పద్యం అక్కడ రాయమనండి. అందులోనూ తేదీలు, పదవులు మాత్రం మీరు తనిఖీ చేసినవే ఉండాలి. సన్మానం ఉపన్యాసం తర్వాత పెట్టుకుంటే ఇంకా మంచిది, అప్పటికి సభకు ఆమె ఎవరో తెలుస్తుంది.

సభాధ్యక్షులకు కూడా ఒక ప్రతి ముందే ఇవ్వండి. ఇవ్వకపోతే ఆయన తొలిపలుకుల్లో పాత కాగితంలోని చంద్రయాన్ రూపశిల్పి మళ్లీ వస్తుంది, మీరు తీసేసిన ‘డాక్టర్’ కూడా వస్తుంది. ఆహ్వాన పత్రిక, వేదిక వెనుక ఫ్లెక్సీ, జ్ఞాపిక మీది పేరు, పత్రికలకు పంపే ప్రకటన నాలుగూ చూసుకోండి. ఫ్లెక్సీ అచ్చుకు వెళ్లే ముందే ఇది జరగాలి. జ్ఞాపిక మీద తప్పు పేరు చెక్కాక చేయగలిగింది లేదు.

చివరిగా, సభ ఆలస్యం కావడం మామూలే. అధ్యక్షులు మీ చెవిలో ‘త్వరగా కానివ్వండి’ అంటారు. అప్పటికప్పుడు రెండు పేరాలు ఎగరేసి చదివితే అసలైనదే పోతుంది. అందుకని మూడు వాక్యాల ప్రతి ఒకటి వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో సిద్ధంగా ఉంచి, రెండు కాగితాలూ చదివేవారికి ముందే ఇవ్వండి:

“ఫలానా గారు ముప్పై అయిదేళ్లు శ్రీహరికోటలో ఘన ఇంధన విభాగంలో పనిచేశారు. ఎల్‌వీఎం-3 రాకెట్ బూస్టర్లలో పోసిన ఇంధనాన్ని పరీక్షించే బృందం బాధ్యత చూశారు. ‘రాకెట్‌లో ఘన ఇంధనం’ గురించి ఇప్పుడు ఆమె మాట్లాడతారు.”